పక్క సీట్లో బాక్స్ ఓపెన్ అయితే తల తిరుగుతోందా? స్టడీ హాల్‌లో గొడవ పడకుండా, మనసు నొప్పించకుండా ఇలా చెప్పొచ్చు!

చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ.. ఈ పేర్లు వింటే ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యేవాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, స్టడీ హాళ్లు. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గల్లీల్లో ఏ బిల్డింగ్ చూసినా పై అంతస్తులో స్టడీ హాల్ బోర్డు కనిపిస్తుంది. నెలకు ఇంత అని కట్టి ఒక టేబుల్, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్ తీసుకుంటారు. పొద్దున నుంచి రాత్రి వరకు అదే ప్రపంచం. పక్కన కూర్చునేది ఎవరో ముందు తెలియదు. కానీ నెలలు గడిచేసరికి ఇంట్లో వాళ్లకంటే ఎక్కువ సేపు వాళ్ల పక్కనే గడుస్తుంది.

సరిగ్గా అక్కడే ఒక చిన్న సమస్య పెద్దదవుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పక్క సీట్లో టిఫిన్ బాక్స్ మూత తెరుచుకుంటుంది. ఎండు రొయ్యల కూర కావచ్చు, వెల్లుల్లి కారం కావచ్చు, ఉడకబెట్టిన గుడ్లు కావచ్చు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి పార్శిల్ తెచ్చిన బిర్యానీ కావచ్చు. తినేవాళ్లకు అది ఆకలి తీర్చే అన్నం. పక్కవాళ్లకు మాత్రం ఆ తర్వాత రెండు గంటలు పుస్తకంలో లైన్ ముందుకు కదలదు. చెబితే బాధపడతారేమో అని భయం. చెప్పకపోతే చదువు సాగదు. మరి ఎలా చెప్పాలి?

తినేవాళ్లకు ఎందుకు తెలియదు?

ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. చాలామంది "అంత ఘాటు వస్తుంటే వాడికి తెలియదా, కావాలనే చేస్తున్నాడు" అనుకుంటారు. నిజానికి చాలాసార్లు వాళ్లకు తెలియదు.

మన ముక్కుకు ఒక లక్షణం ఉంది. ఒకే వాసన కంటిన్యూగా వస్తుంటే కొన్ని నిమిషాల్లోనే దానికి అలవాటు పడిపోతుంది. అగరుబత్తి వెలిగించిన గదిలో కాసేపు కూర్చుంటే వాసన రావడం ఆగిపోయినట్టు అనిపించేది అందుకే. వాసన పోలేదు, ముక్కు పట్టించుకోవడం మానేసింది. తినే మనిషి ఆ వాసనకు అందరికంటే దగ్గరగా ఉంటాడు కాబట్టి అందరికంటే ముందు అలవాటు పడతాడు. బాక్స్ మూసేసరికి అతని లెక్కలో వాసన అయిపోయింది. బయట నుంచి అప్పుడే లోపలికి వచ్చినవాళ్లకు మాత్రం తలుపు దగ్గరే తగులుతుంది.

రెండో కారణం ఏసీ. చాలా స్టడీ హాళ్లలో ఉండేవి స్ప్లిట్ ఏసీలు. ఇవి బయటి గాలిని లోపలికి తేవు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతాయి. చల్లదనం బయటకు పోకుండా కిటికీలు బిగించేస్తారు. అంటే ఒక మూల తెరిచిన బాక్స్ వాసన గదంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. అదే కూర ఇంట్లో, కిటికీ పక్కన, ఫ్యాన్ కింద తింటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కాబట్టి అసలు తప్పు కూరది కాదు, మూసేసిన గదిది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం సమస్య తీరినట్టే. తర్వాత చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక కొన్ని కూరలకే ఎందుకంత ఘాటు? సముద్రపు చేపలు, రొయ్యలు నిల్వ ఉన్నప్పుడు వాటిలో ట్రైమిథైలమైన్ అనే పదార్థం తయారవుతుంది. ఇది గాలిలో చాలా కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. వెల్లుల్లి, గుడ్లలో అయితే గంధకం ఉన్న పదార్థాలు ఆ పని చేస్తాయి. వెల్లుల్లిది ఇంకో కథ. అది రక్తంలో కలిసి ఊపిరి ద్వారా గంటల తరబడి బయటకు వస్తూనే ఉంటుంది. అందుకే నోరు కడుక్కున్నా పూర్తిగా పోదు. కూర వేడిగా ఉంటే ఇవన్నీ ఇంకా త్వరగా గాలిలో కలుస్తాయి.

ఇది వాసన గొడవ మాత్రమే కాదు

మన దగ్గర తిండి గురించి మాట్లాడితే అది తిండి దగ్గర ఆగదు. ఎవరు ఏం తింటారన్నది కులంతో, మతంతో, ఊరితో, ఇంటి పరిస్థితితో ముడిపడి ఉంటుంది. "ఈ వాసన ఏంటి" అన్న మాటను చిన్నప్పటి నుంచి బడిలో, హాస్టల్లో, అద్దె ఇంట్లో వింటూ పెరిగినవాళ్లు ఎంతోమంది. వాళ్లకు మీ మాట ఇవాళ్టి మాటలా వినిపించదు. పాత అవమానానికి కొనసాగింపులా వినిపిస్తుంది.

అమెరికాలో జరిగిన ఒక సంఘటన ఈ మధ్య వార్తల్లోకి వచ్చింది. కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ క్యాంపస్‌లో 2023 సెప్టెంబర్‌లో ఒక భారతీయ పీహెచ్‌డీ విద్యార్థి డిపార్ట్‌మెంట్ మైక్రోవేవ్‌లో పాలక్ పనీర్ వేడి చేసుకుంటుండగా అక్కడి ఉద్యోగి ఒకరు వాసన గురించి అభ్యంతరం చెప్పారు. అక్కడ మొదలైన మాట కోర్టు వరకు వెళ్లింది. తమపై వివక్ష చూపారంటూ ఆ విద్యార్థి, ఆయనతో పాటు అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న మరో విద్యార్థిని కేసు వేశారు. 2025లో యూనివర్సిటీ తమ తప్పేమీ లేదంటూనే 2 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

గమనించాల్సిన విషయం ఏంటంటే, అది చేప కాదు, మాంసం కాదు. మన దగ్గర ఏ వెజ్ హోటల్‌లో అయినా దొరికే పాలకూర, పనీర్. అంటే ఏ వాసన భరించలేనిది అన్నది అలవాటును బట్టి మారిపోతుంది. ఇక్కడ ఎండు చేపలకు ముక్కు మూసుకునే మనిషి, అక్కడికి వెళితే ఇంగువ పోపుకు అదే మాట పడాల్సి రావచ్చు.

అందుకే నోరు తెరిచే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఇదే హాల్‌లో ఎవరైనా బిర్యానీ పార్శిల్ విప్పితే, ఆవకాయ జాడీ తెరిస్తే, మిర్చీ బజ్జీలు తెస్తే కూడా ఇదే మాట చెబుతారా? "అవును" అయితే మీ సమస్య నిజంగా వాసనే. "కాదు" అయితే సమస్య ఆ కూరతో కాదు, ఆ మనిషితోనో, ఆ తిండి మీద ఉన్న చిన్నచూపుతోనో ఉన్నట్టు. అప్పుడు చెప్పకపోవడమే మేలు.

ఈ మాటలు మాత్రం వద్దు

తెలుగులో వాసనకు చాలా మాటలున్నాయి. అన్నీ ఒకేలా తగలవు.

"కంపు", "గబ్బు" అన్నవి నేరుగా తిట్లే. "నీచు వాసన" అన్నది చేపలకు మామూలుగా వాడే మాటే అయినా, అందులో "నీచం" వినిపిస్తుంది. ముఖ్యంగా వినే మనిషి ముందే నొచ్చుకుని ఉంటే అదే వినిపిస్తుంది. "వాసన" అన్న మాట కూడా మాటల్లో ఎక్కువగా చెడు అర్థంలోనే వాడతాం. వీటన్నిటికంటే "ఘాటు" మేలు. ఘాటు అంటే బలంగా ఉంది అని, చెడుగా ఉంది అని కాదు. మిర్చి ఘాటు, మసాలా ఘాటు అని మెచ్చుకుంటూ కూడా అంటాం కదా.

ఇంకో చిక్కు "మీ" అన్న మాటతో. "మీ కూర", "మీ తిండి" అన్నప్పుడు మీరు గౌరవంగా అన్నారనుకుంటారు. కానీ తెలుగులో "మీ" అంటే ఒక మనిషీ కావచ్చు, ఆ మనిషి వెనక ఉన్న వాళ్లందరూ కావచ్చు. "మీరు ఇలాంటివే తింటారా" అంటే "మీ వాళ్లంతా ఇంతేనా" అని అర్థమైపోతుంది. కాబట్టి వాక్యంలో "మీ కూర" లేకుండా చూసుకోండి. దాని బదులు "ఈ రూమ్", "ఈ ఏసీ", "నా తలనొప్పి" అని వాడండి.

ఎప్పుడు చెప్పాలి? ఎక్కడ చెప్పాలి?

బాక్స్ తెరిచినప్పుడు అస్సలు వద్దు. ఆకలితో ఉన్న మనిషి, చేతిలో ముద్ద.. ఆ టైంలో ఎంత మెత్తగా చెప్పినా ముద్ద లాక్కున్నట్టే ఉంటుంది. పది మంది చూస్తుండగా వద్దు. మాక్ టెస్ట్ మార్కులు వచ్చిన రోజు, నోటిఫికేషన్ వాయిదా పడిన రోజు అసలే వద్దు.

మంచి టైం సాయంత్రం చాయ్. నాలుగు గంటలకు అందరూ కిందికి దిగుతారు. కడుపు నిండి ఉంటుంది, ఇద్దరే పక్కకు నిలబడొచ్చు. ఇందులో ఇంకో లాభం ఉంది. కాసేపు బయటి గాలిలో ఉంటే ముక్కు మళ్లీ మామూలు అవుతుంది. తిరిగి పైకెళ్లి తలుపు తీయగానే మధ్యాహ్నం కూర ఘాటు ఇంకా ఉంటే, అతనికే తగులుతుంది. మీరు ఒప్పించాల్సిన పని ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం

అశోక్ నగర్‌లో రెండో అంతస్తులో ఒక ఏసీ స్టడీ హాల్ అనుకుందాం. సీట్ల మధ్య చెక్క పార్టిషన్లు, కిటికీలన్నీ బిగింపు. ఒక సీట్లో ఇరవై ఎనిమిదేళ్ల అభ్యర్థి. గ్రూప్స్‌కి మూడోసారి రాస్తున్నాడు. ఆదివారం ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఎండు రొయ్యల వేపుడు డబ్బా కట్టి ఇచ్చింది. వారం రోజులూ హాస్టల్ అన్నంలో అదే కలుపుకుని సీట్లోనే తింటున్నాడు. పక్క సీట్లో ఇరవై మూడేళ్ల కుర్రాడు. అతనికి ఘాటు వాసనలకు తలనొప్పి వస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఇలా అవుతుంది. మూడు రోజులు ఓర్చుకున్నాడు, ఇయర్ ఫోన్స్ పెట్టుకున్నాడు, రుమాలు కట్టుకున్నాడు. నాలుగో రోజు చాయ్ దగ్గర మాట ఎత్తాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, ఏమనుకోకు."

"చెప్పు తమ్మీ."

"నాకు మైగ్రేన్ ఉందన్నా. పైన కిటికీలు లేవు కదా, ఎవరు లోపల ఏం తిన్నా ఆ ఘాటు అక్కడ్నే తిరుగుతుంది. మధ్యాహ్నం తర్వాత తల పట్టేస్తుంది, చదవలేకపోతున్నా. లంచ్ టెర్రస్ మీద చేద్దామా? నేను కూడా బాక్స్ తెస్తా."

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. రొయ్యల పేరే రాలేదు. "నీ కూర" అన్న మాట లేదు. తప్పు గదిది, ఇబ్బంది తనది. అడిగింది ఒకే ఒక్కటి, అది కూడా ఏం తినాలన్నది కాదు, ఎక్కడ తినాలన్నది. పైగా "నువ్వు వెళ్లు" అనలేదు, "మనం వెళ్దాం" అన్నాడు. ఈ ఆఖరి మాటే అన్నిటికంటే ముఖ్యం. పక్కన కూర్చుని తింటానన్న మనిషి తిండిని అసహ్యించుకుంటున్నాడని ఎవరూ అనుకోరు.

అయినా అవతలి మనిషి వెంటనే "సరే" అనకపోవచ్చు.

"నా కూర వల్లనే అంటున్నవా?"

ఇక్కడ అబద్ధం చెప్పొద్దు. "అట్లేం లేదు" అంటే ఆ మాటతోనే విషయం ముగిసిపోతుంది, రేపు మళ్లీ అదే బాక్స్ అదే సీట్లో తెరుచుకుంటుంది. ఆ కుర్రాడు ఇలా అన్నాడు.

"రొయ్యల ఘాటు కూడా ఉందన్నా. కానీ మొన్న ఆ మూల సీటాయన బిర్యానీ తెచ్చినప్పుడు కూడా ఇట్లనే అయింది. అందుకే ఏదైనా బయట తిందామంటున్నా."

నిజం చెప్పాడు, కానీ ఒక్కడినే నిలబెట్టలేదు.

సీట్లోనే ఎందుకు తింటున్నారో కనుక్కోండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "బయట తినొచ్చు కదా" అని చెప్పేస్తారు. కానీ సీట్లో తినడానికి వాళ్లకు ఏదో ఒక కారణం ఉంటుంది. అది తీరకపోతే ఎంత ప్రేమగా చెప్పినా రెండు రోజులే సాగుతుంది.

లైబ్రరీలో అయితే సీటు పోతుందన్న భయం. పొద్దున్నే వచ్చి పట్టుకున్న కుర్చీ, అరగంట లేస్తే ఉంటుందన్న గ్యారంటీ లేదు. స్టడీ హాల్‌లో అయితే ల్యాప్‌టాప్, ఫోన్ వదిలి వెళ్లాలంటే భయం. కొందరికి టైం దండగ అనిపిస్తుంది, తింటూ క్లాస్ వీడియో చూసేస్తారు. ఎండాకాలంలో టెర్రస్ మీద నిలబడలేరు. బయట హోటల్‌లో కూర్చుంటే రోజూ డబ్బు ఖర్చు. కొందరికి ఇవేవీ కావు. తన బాక్స్‌లో ఏముందో నలుగురూ చూడటం ఇష్టం ఉండదు, అందుకే పార్టిషన్ చాటున తింటారు.

కారణం తెలిస్తే పరిష్కారం దానంతట అదే వస్తుంది. సీటు భయం అయితే "నువ్వు తినొచ్చేదాకా నేను చూస్తా, నేను వెళ్లినప్పుడు నువ్వు చూడు" అని వంతులు పెట్టుకోవచ్చు. ఎండ అయితే మెట్ల దగ్గర, వరండాలో గాలి ఆడే చోటు చూసుకోవచ్చు. ఏ దారీ లేకపోతే చివరి మార్గం.. ఘాటు కూర హాస్టల్లో రాత్రికి, పప్పూ పెరుగన్నం హాల్‌లో మధ్యాహ్నానికి. కానీ ఈ మాట మీరు చెప్పకూడదు. మెనూ మార్చుకోవడం అవతలి మనిషి తనకు తానుగా అనాల్సిన మాట.

వాట్సాప్ గ్రూపులో పెడితే?

"కొందరు లోపల తింటున్నారు, దయచేసి ఆపండి" అని హాల్ గ్రూపులో మెసేజ్ పెట్టడం చాలామంది చేసే పని. ఎదురుగా చెప్పే ఇబ్బంది తప్పుతుందని అనుకుంటారు. కానీ ఆ "కొందరు" ఎవరో గ్రూపులో అందరికీ తెలుసు. కింద ముక్కు మూసుకున్న ఎమోజీలు పడతాయి. ఒక్కడితో రెండు నిమిషాల్లో తేలే విషయం, నలభై మంది ముందు పరువు సమస్య అయిపోతుంది. పేరు లేకుండా టేబుల్ మీద చీటీ అంటించడం కూడా అంతే. పైగా ఎవరు రాశారో తెలియక అతను అందరినీ అనుమానించాల్సి వస్తుంది.

రూమ్ ఫ్రెషనర్ కొట్టడం ఇంకో పొరపాటు. అది వాసనను తీసేయదు, పైన ఇంకో వాసన కలుపుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు రెండూ కలిస్తే మరీ కష్టం. అవతలి మనిషి చూస్తుండగా స్ప్రే కొడితే నోటితో అనకుండానే అవమానించినట్టు. వాసన నిజంగా పోవాలంటే ఎదురెదురుగా ఉన్న తలుపు, కిటికీ తెరిచి, ఏసీ ఆపి, కాసేపు గాలి ఆడనివ్వడమే దారి. తిన్న ప్యాకెట్లు, ఎముకలు లోపలి డస్ట్‌బిన్‌లో వేయకుండా బయట పడేయడం కూడా అంతే ముఖ్యం. చాలా హాళ్లలో సాయంత్రం దాకా ఘాటు ఉండేది అక్కడి నుంచే.

చెప్పినా మారకపోతే?

ఒకసారి చెప్పాక రెండు మూడు రోజులు చూడండి. మర్చిపోయి మళ్లీ తెరిస్తే, "అన్నా, టెర్రస్ మీదికి పోదామా" అని లేచి నిలబడితే చాలు. కొత్తగా వివరించాల్సిన పని లేదు. అలా రెండోసారి గుర్తు చేశాక కూడా మారకపోతే అప్పుడు హాల్ నడిపేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అయితే ఫిర్యాదులా కాదు, రూల్ కోసం.

రూల్ ఎలా ఉండాలన్నది కీలకం. "హాల్‌లో నాన్‌వెజ్ తినరాదు" అని బోర్డు పెట్టిస్తే అది వాసన రూల్ కాదు, కొందరి తిండి మీద రూల్. పక్కనే వెల్లుల్లి కారం, ఉల్లి పకోడీ నడుస్తూనే ఉంటాయి, బాధ మాత్రం ఒక వర్గానికే. "హాల్ లోపల మంచినీళ్లు తప్ప ఏదీ తినరాదు, తినడానికి చోటు ఇది" అని ఉంటే అందరికీ ఒకటే. రెండో సగం లేకుండా మొదటి సగం పెట్టకూడదు. గాలి ఆడే చోట ఒక బెంచీ, చేతులు కడుక్కునే కుళాయి, మూత ఉన్న డస్ట్‌బిన్.. ఈ మూడూ చూపించాకే బోర్డు పెట్టాలి. చోటు చూపించకుండా తినొద్దంటే మళ్లీ సీట్లోనే, ఈసారి దొంగచాటుగా తింటారు.

దీక్షలో ఉన్నవాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు, కార్తీకమాసం పాటించేవాళ్లు కూడా హాల్‌లో ఉంటారు. వాళ్లకూ ఇదే దారి మంచిది. "నేను మాలలో ఉన్నా, నువ్వు అది తినకు" అంటే నియమం ఇతరుల మీద రుద్దినట్టు అవుతుంది. "మూసిన గదిలో ఎవరూ ఏదీ తినొద్దు" అంటే ఎవరి నియమం వాళ్లదే, ఎవరి కూర వాళ్లదే.

ఆ మాట మీకే ఎదురైతే?

ఎవరైనా మీ దగ్గరకొచ్చి ఇదే మాట చెబితే ముందు గుర్తుంచుకోవాల్సింది.. మీ ముక్కుకు తెలియకపోవచ్చు. పది నిమిషాలు కిందికి వెళ్లి వచ్చి తలుపు దగ్గర ఆగి చూడండి. నిజమైతే మీకే అర్థమవుతుంది. రబ్బరు వాషర్ ఉన్న స్టీల్ డబ్బా వాడితే మూత తీసేదాకా వాసన రాదు. తిన్న వెంటనే డబ్బా కడిగేయాలి, చేతికి నిమ్మ చెక్క రుద్దుకోవాలి. చేపల ఘాటుకు కారణమైన పదార్థాన్ని పులుపు కట్టడి చేస్తుంది కాబట్టి నిమ్మ బాగానే పనిచేస్తుంది. చేపల పులుసులో చింతపండు చేసే పనుల్లో ఇదీ ఒకటి.

ఇక చెప్పినవాళ్లకు చివరి గుర్తు. పని అయిందని ఎలా తెలుస్తుంది? అతను బాక్స్ పట్టుకుని టెర్రస్ మీదికి వెళ్లడం సగమే. వెళ్లి, మీతో మాట్లాడటం మానేస్తే ఎక్కడో గుచ్చుకున్నట్టే. అలాంటప్పుడు మళ్లీ సారీలు, వివరణలు అక్కర్లేదు. మర్నాడు మధ్యాహ్నం మీ బాక్స్ తీసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. రొయ్యల వేపుడు తినే అలవాటు ఉంటే ఒక ముద్దకు సరిపడా అడగండి. లేకపోతే మీ పప్పులోంచి కొంచెం అతని ప్లేట్లో వేయండి. అదే కూర, గాలి ఆడే చోట, ఎవరికీ తలనొప్పి లేకుండా అయిపోతుంది.